అరవై రెండా, డెబ్భయ్యా?

మా పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో పెద్ద గొడవలు రెండే జరిగాయి. మొదటిది 2001లో, ఇల్లు ఎక్కడ కొనాలని. రెండోది మొన్న సంక్రాంతికి, నా సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఎప్పుడు మొదలుపెట్టాలని. మొదటి దాంట్లో మా ఆవిడే గెలిచింది. రెండో దాని సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఎందుకంటే తొంభైలలో హెచ్‌-1 మీద అమెరికా వచ్చిన మా బ్యాచ్ వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు ఇదే గొడవ.

2026లో నాకు 62 నిండుతాయి. పెన్షన్ అడగడానికి అదే అతి చిన్న వయసు. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళకి పూర్తి పెన్షన్ వచ్చే వయసు 67. అయిదేళ్ళు ముందుగా, 62కే తీసుకుంటే అందులో 30 శాతం కోస్తారు. 67 దాటి ఆగితే ఏడాదికి 8 శాతం చొప్పున పెంచుతారు. అదీ 70 వరకే. ఆ తర్వాత ఎంత ఆగినా పైసా పెరగదు.

నా లెక్క ప్రకారం 67కి నెలకి 3,000 డాలర్లు వస్తాయి. అంటే 62కి 2,100, 70కి 3,720. ధరలతో పాటు ఏటా పెంచే శాతం ఎప్పుడు తీసుకున్నా ఒకటే కాబట్టి, అన్నీ ఈనాటి డాలర్లలోనే చెబుతున్నాను.

నేను 62 పార్టీ. ఒక స్ప్రెడ్‌షీట్ కూడా చేశాను. 62కే మొదలుపెడితే 70 వచ్చేసరికి 2,01,600 డాలర్లు చేతికొస్తాయి. 70 దాకా ఆగితే నెలకి 1,620 ఎక్కువ వస్తుంది గానీ, ఆ వదులుకున్నది పూడడానికి పదేళ్ళ పైన పడుతుంది. అంటే నేను 80 దాటి నాలుగు నెలలు బతికితే గానీ ఆగినందుకు లాభం లేదు.

"మా నాన్న 66కే పోయాడు. నేను 80 చూస్తానని ఎవరు రాసిచ్చారు? చేతికొచ్చింది తీసుకోవడమే తెలివి" అన్నాను.

మా ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి స్ప్రెడ్‌షీట్ అంతా చూసింది. "బాగానే ఉందండీ. ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

"నీకు నీ పెన్షన్ వస్తుందిగా?"

"మామయ్యగారు పోయాక అత్తయ్యగారు ఎన్నేళ్ళున్నారు?"

ఇరవై నాలుగేళ్ళు. నాన్న బడిపంతులు. ఆయన పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. అది నాన్న పెన్షన్ అంత కాదు. నేను నెలనెలా పంపే డబ్బు తీసుకునేటప్పుడు అమ్మ గొంతు ఎలా ఉండేదో నాకు తెలుసు. "మీరు 66కి పోతారనే అనుకుందాం. అప్పుడు మీ లెక్క కాదు, నా లెక్క మొదలవుతుంది" అంది మా ఆవిడ. నేను నోరు మూసుకుని రూల్సు చదవడం మొదలుపెట్టాను.

నాకు అంతవరకూ సరిగా తెలియని విషయం ఇదీ. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు పోతే రెండు చెక్కులు రావు. చిన్నది ఆగిపోతుంది, పెద్దది మిగిలిన వాళ్ళకి వస్తుంది. దీన్నే సర్వైవర్ బెనిఫిట్ అంటారు. ఆ పెద్ద చెక్కు ఎంతన్నది, పోయినవారు తమ పెన్షన్ ఎప్పుడు మొదలుపెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. ముందే తీసుకుని ఉంటే, ఆయనకి వస్తున్న మొత్తం గానీ, పూర్తి పెన్షన్‌లో 82.5 శాతం గానీ, ఏది ఎక్కువైతే అదే గరిష్ఠం. 67 దాటి ఆగి ఉంటే, ఆగినందుకు పెరిగినదంతా ఆవిడకి కూడా వస్తుంది. 70 రాకుండా, పెన్షన్ అడగకుండానే పోయినా, అప్పటిదాకా పెరిగింది పోదు.

మా లెక్కలో పెట్టి చూద్దాం. మా ఆవిడ నాకంటే నాలుగేళ్ళు చిన్న. నేను 74కి పోయాననుకుందాం. అప్పటికి ఆవిడకి 70. నేను 62కే తీసుకుని ఉంటే ఆవిడకి నెలకి 2,475 వస్తుంది. 70 దాకా ఆగి ఉంటే 3,720. తేడా 1,245. ఆవిడ 90 దాకా ఉంటే ఇరవై ఏళ్ళలో అది 2,98,800 డాలర్లు. ఆగడం వల్ల నా బతికున్న రోజుల్లో మేము పోగొట్టుకున్నది 1,23,840. అంటే నేను తొందరగా పోతాననే భయమే నిజమైనా, ఇల్లు మొత్తం మీద ఆగడమే లాభం.

"మరి నువ్వే ముందు పోతే?" అని అడిగాను, ఓడిపోవడం ఇష్టం లేక.

"అప్పుడు ఆ 3,720 మీకే ఉంటుంది" అంది.

అసలు కిటుకు అక్కడే ఉంది. పెద్ద చెక్కు ఇద్దరిలో ఆఖరివాళ్ళు పోయేదాకా నడుస్తుంది. కాబట్టి అడగాల్సింది "నేను 80 దాటుతానా?" అని కాదు. "ఇద్దరిలో ఒక్కరైనా అంతకాలం ఉంటారా?" అని.

చిన్న చెక్కు సంగతి దీనికి తిరగేసి. మా ఆవిడ 1994లో హెచ్‌-4 మీద వచ్చింది. ఉద్యోగం మొదలుపెట్టింది 2001లో. పెన్షన్‌కి బాగా సంపాదించిన 35 ఏళ్ళ సగటు చూస్తారు. తక్కువైన ఏళ్ళకి సున్నాలు వేస్తారు. అందుకని ఆవిడకి 67కి వచ్చేది 1,600, 62కే అయితే 1,120. ఈ చెక్కు మేమిద్దరం ఉన్నంతవరకే. కాబట్టి దాన్ని పెంచడానికి ఏళ్ళ తరబడి ఆగడంలో పెద్ద అర్థం లేదు. ముందుగా తీసుకున్నా, సర్వైవర్ బెనిఫిట్‌ని 67 నిండాక తీసుకుంటే దానికి కోత పడదు.

ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి, ssa.gov లో కనిపించే అంకెలు మనం పెన్షన్ మొదలుపెట్టేదాకా ఇప్పటి జీతంతోనే పనిచేస్తామని అనుకుని వేసినవి. 62కి ఉద్యోగం మానేసి 70 దాకా ఆగితే, అక్కడ చూపించినంత రాకపోవచ్చు. రెండు, 67కి ముందు పెన్షన్ తీసుకుంటూ ఉద్యోగం కూడా చేస్తే, ఏడాది జీతం ఒక పరిమితి దాటాక ప్రతి రెండు డాలర్లకీ ఒక డాలరు పెన్షన్ ఆపుతారు. 2026కి ఆ పరిమితి 24,480 డాలర్లు.

అందరికీ ఇదే సరిపోతుందనను. ఒంటరిగా ఉన్నవాళ్ళకి నా పాత స్ప్రెడ్‌షీటే చాలు. ఇద్దరి ఆరోగ్యమూ బాగా లేకపోయినా, 70 దాకా గడవడానికి వేరే డబ్బు లేకపోయినా ఆగమనడం అన్యాయం. ఇద్దరి పెన్షన్లూ దాదాపు సమానమైతే ఈ తేడా చాలా తగ్గిపోతుంది.

మేము చివరికి ఇలా అనుకున్నాం. మెడికేర్ వచ్చే 65 దాకా నేను ఉద్యోగం చేస్తాను. ఆవిడ 62కి మానేసి అప్పుడే తన పెన్షన్ మొదలుపెడుతుంది. తన మెడికేర్ వచ్చే మూడేళ్ళూ ఆరోగ్య బీమా కొనుక్కోవాలి, ఆ ఖర్చు కూడా వేసుకున్నాం. నాకు 70 వచ్చేదాకా మిగతా లోటు 401(k) లోంచి తీస్తాం.

స్ప్రెడ్‌షీట్‌లో ఇప్పుడు రెండో వరస కూడా ఉంది. దానికి పైన మా ఆవిడ పేరు ఆవిడే టైపు చేసింది.