0.43 చెప్పిందీ, చెప్పనిదీ

అమెరికాలోని నెవాడా చుట్టూ గ్రేట్ బేసిన్ అనే ఎండు నేల ఉంది. మధ్యమధ్యలో ఎత్తయిన కొండవరుసలు. పైన చలి, పైన్ చెట్లు. కింద తుప్పల ఎడారి. పైన బతికే పైకాకు (పొట్టి చెవుల కుందేలు అనుకోండి) ఆ ఎడారి దాటడం గండం. చుట్టూ నీళ్లు లేవన్న మాటే గానీ అవి దీవులే. 1971లో జేమ్స్ బ్రౌన్ ఏడున్నర వేల అడుగులకు పైనున్న నేలను దీవిగా తీసుకుని, ఏ కొండ మీద ఎన్ని జాతుల చిన్న క్షీరదాలున్నాయో లెక్క వేశాడు.

ఇలాంటి లెక్కకు వాడే సూత్రం S = cA^z. S జాతుల సంఖ్య, A విస్తీర్ణం. రెండింటికీ లాగరిథమ్ తీసి గ్రాఫు గీస్తే చుక్కలు దాదాపు సరళరేఖ మీదికి వస్తాయి. ఆ రేఖ వాలే z. చదరపు మైళ్లు వదిలి కిలోమీటర్లలో కొలిచినా మారేది c ఒక్కటే. వేర్వేరు చోట్లను పోల్చడానికి z పనికొచ్చేది అందుకే.

బ్రౌన్‌కు వచ్చిన z 0.43. అంటే విస్తీర్ణం పదోవంతుకు తగ్గితే జాతుల్లో మూడోవంతుకు కాస్త పైన మిగులుతాయి. పక్కనే, తెగిపోని సియెరా నెవాడా పర్వతాల్లో చిన్నా పెద్దా ముక్కలు తీసి చూస్తే z 0.12 మాత్రమే, అక్కడ పదోవంతు ముక్కలోనూ ముప్పాతిక జాతులు కనిపిస్తాయి. ఇరుగుపొరుగు అడవి నుంచి జంతువులు వచ్చిపోతుంటాయి కదా! విడిపోయిన కొండ మీద ఒక జాతి పోతే పోయినట్టే. మంచుయుగంలో కిందిదాకా చలి ఉన్నప్పుడు జంతువులు అన్ని కొండలకూ చేరాయనీ, తర్వాత అంతరించడమే తప్ప కొత్తగా రావడం లేదనీ బ్రౌన్ వాదించాడు. అయితే ఆ వాదనకు శిలాజాల దన్ను కూడా కావలసి వచ్చింది. పెద్ద కొండ మీద రకరకాల నెలవులు ఉండటం వల్ల కూడా వాలు పెరగవచ్చు. రేఖను చూసి కారణం చెప్పలేం.

అసలు తంటా చిన్న కొండల దగ్గరే. ఒక కొండ మీద 4 జాతులు, దానికి పది రెట్లున్న కొండ మీద 11 దొరికాయనుకుందాం. z 0.44 వస్తుంది. చిన్న కొండ మీద ఒక జాతి మన కళ్లబడలేదని తర్వాత తేలి 4 కాస్తా 5 అయితే, z ఒక్కసారిగా 0.34కు దిగుతుంది. పెద్ద కొండ మీద ఒకటి పెరిగితే 0.48, కదలిక అందులో సగం కూడా లేదు. లాగరిథమ్ లెక్కలో తేడా కాదు, నిష్పత్తి ముఖ్యం. ఒక్క జాతీ దొరకని కొండకైతే లాగరిథమే లేదు; దాన్ని పక్కన పెట్టేస్తే రేఖ మరోరకంగా వంగుతుంది. కాబట్టి z చూసే ముందు ఏ కొండ మీద ఎన్నాళ్లు వెతికారో అడగాలి.

గ్రేట్ బేసిన్‌లో జరిగిందీ అదే. లేవనుకున్న కొన్ని జంతువులు ఆ కొండల మీదే ఉన్నాయని 1993లో గ్రేసన్, లివింగ్‌స్టన్ చూపించారు. ఆ తర్వాతి సర్వేలతో జాబితాలు ఇంకా నిండాయి, కొన్ని జంతువులు ఎడారిని దాటగలవనే వాదనకూ బలం చేకూరింది.