బరువు చాలక వచ్చే ప్రమాదం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు బాగా దెబ్బతింది. నగరం చుట్టుపక్కల ఎన్నో షెడ్ల రేకులు ఎగిరిపోయాయి. కప్పు మీద బరువు ఎక్కువైతే కూలుతుందని అందరికీ తెలుసు. ఇక్కడ జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. గాలి పైకి లాగుతుంటే పట్టి ఉంచడానికి కప్పు సొంత బరువు చాలలేదు.

లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. గాలి భారాల కోడ్ ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగాన్ని ప్రాథమికంగా తీసుకోమంటుంది. ఆ వేగాన్ని దానితోనే హెచ్చించి, 0.6తో మళ్లీ హెచ్చిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. అంటే సుమారు 150 కిలోలు. రేకు, దాని కింది ఇనుప పట్టీలు కలిపినా చదరపు మీటరుకు 20 కిలోలు దాటడం అరుదు. కప్పు అంచుల దగ్గర గాలి లాగుడు ఈ ఒత్తిడికి దాదాపు సమానంగానో, ఒక్కోసారి అంతకు మించో ఉంటుంది. ఇక ఆ కప్పును నిలబెట్టాల్సింది బోల్టులే.

ఇంజనీరు చూసే భారాలు ముఖ్యంగా నాలుగు. స్లాబులు, గోడలు, టైల్స్ లాంటి కదలని వాటి బరువు డెడ్ లోడ్. మనుషులు, సామాన్లు లైవ్ లోడ్. ఇంటి గదులకు దీన్ని చదరపు మీటరుకు సుమారు 200 కిలోలుగా తీసుకుంటారు. మిగతా రెండూ గాలి, భూకంపం. నాలుగింటినీ వాటి గరిష్ఠ విలువల దగ్గర పట్టుకుని ఒకేసారి కూడేస్తే భద్రమైన భవనం వస్తుందని అనిపిస్తుంది. ఆ ఆలోచన రెండు విధాల తప్పు. మొదటిది, అన్ని గదులూ చుట్టాలతో కిటకిటలాడుతున్న క్షణంలోనే పెద్ద భూకంపం, అదే క్షణంలో పెద్ద తుపాను రావడం దాదాపు జరగని పని. అందుకే కోడ్ గాలినీ భూకంపాన్నీ ఎప్పుడూ కలిపి లెక్కించదు. రెండోది ఇంకా ముఖ్యం. డెడ్ లోడ్ అన్నివేళలా శత్రువు కాదు. కొన్నిసార్లు భవనాన్ని నేలకు అదిమి పట్టి కాపాడేది అదే.

లిమిట్ స్టేట్ పద్ధతిలో ప్రతి భారాన్నీ ఒక గుణకంతో పెంచి, కట్టడం కూలిపోయే అంచు దాకా వచ్చినట్టు ఊహించి పరీక్షిస్తారు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456, భూకంపాల కోడ్ ఐఎస్ 1893 ఇచ్చే కలయికలు నాలుగు రకాలు. డెడ్, లైవ్ రెండే ఉంటే రెంటికీ 1.5. వాటికి భూకంపం కూడా తోడైతే మూడింటికీ 1.2. అన్నీ కలిసి వచ్చే అవకాశం తక్కువ కాబట్టి ఆ తగ్గింపు. లైవ్ లోడ్ వదిలేసి డెడ్ లోడ్, భూకంపం మాత్రమే చూస్తే రెంటికీ మళ్లీ 1.5. నాలుగోది చూడగానే వింతగా ఉంటుంది. భూకంపానికి 1.5 ఇచ్చి, డెడ్ లోడ్‌ను 0.9కి తగ్గించమంటుంది.

విజయవాడలో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఐఎస్ 1893 2016 నాటి పటంలో ఆ నగరం మూడో జోన్‌లో ఉంది. ఆ భవనం మూలన ఉన్న ఒక పిల్లర్ మీద డెడ్ లోడ్ 60 టన్నులు, లైవ్ లోడ్ 15 టన్నులు. అంకెలు తేలిగ్గా ఉండేలా ఎంచుకున్నవే. భూకంపం భవనాన్ని పక్కకు ఊపినప్పుడు ఒక వైపు పిల్లర్లు అదుముకుంటాయి, అవతలి వైపువి పైకి లాగబడతాయి. మరుక్షణం అది తారుమారవుతుంది. మన పిల్లర్‌కు ఆ ఊపు వల్ల 40 టన్నులు కలవొచ్చు, లేదా 40 టన్నులు తీసివేత కావచ్చు.

మామూలు రోజుల కలయికలో 60, 15 కలిపి 1.5తో హెచ్చిస్తే 112.5 టన్నులు. మూడు భారాల కలయికలో అదుముడు వైపు 138, లాగుడు వైపు 42. లైవ్ లోడ్ లేని కలయికలో 150, 30. అంటే పిల్లర్‌ను ఎక్కువగా నొక్కేది అన్ని భారాలూ ఉన్న కలయిక కాదు, లైవ్ లోడ్ లేనిది. ఇక 0.9 కలయిక. 60లో పదో వంతు తీస్తే 54. భూకంపం వాటా 60. అదుముడు వైపు 114 వచ్చింది, దానితో ఇబ్బంది లేదు. లాగుడు వైపు మాత్రం 54 లోంచి 60 పోగా మైనస్ 6 టన్నులు. ఐదంతస్తులు మోస్తున్న పిల్లర్ ఆ కాసేపు నేలలోంచి పైకి లేవబోతోంది!

డెడ్ లోడ్‌ను అలా ఎందుకు తగ్గించాలి? ఇంజనీరు కాగితం మీద రాసుకున్న బరువు కట్టాక అంతే ఉంటుందన్న హామీ లేదు. ఇటుక గోడ అనుకున్నచోట తేలికపాటి బ్లాకులు రావచ్చు, ఫ్లోరింగ్ పలచబడొచ్చు. బరువు కీడు చేసేచోట ఎక్కువగా, మేలు చేసేచోట తక్కువగా ఊహించుకోవడమే ఇందులోని జాగ్రత్త.

ఆ మైనస్ 6 చిన్న అంకెలా కనిపించినా డిజైన్‌ను మార్చేస్తుంది. భూకంపంలో పిల్లర్ వంగుతుంది కూడా. పైనుంచి మోస్తరు నొక్కుడు ఉంటే వంపు వల్ల పడే పగుళ్లు మూసుకుని ఉంటాయి. నొక్కుడు పోయి అదే వంపు మిగిలితే కాంక్రీటు చేతులెత్తేస్తుంది, లాగుడంతా ఊచలే భరించాలి. అందుకే చాలా పిల్లర్లలో ఇనుమును నిర్ణయించేది 150 టన్నుల కలయిక కాదు, ఈ బరువు చాలని కలయికే. ఒక కలయికలోని గరిష్ఠ బరువును, ఇంకో కలయికలోని గరిష్ఠ వంపును తీసుకుని జతచేసే అలవాటు కొందరికి ఉంది. అది జాగ్రత్తగా కనిపిస్తుంది గానీ, బరువు తక్కువగా, వంపు ఎక్కువగా ఉన్న అసలు ప్రమాదం అందులో చిక్కదు. ప్రతి కలయికలోని బరువునూ వంపునూ ఒక జంటగానే చూడాలి.

భూకంపం రెండు దిశల్లో, ఒక్కో దిశలో ముందుకూ వెనక్కూ వస్తుంది. కాబట్టి మామూలు దీర్ఘచతురస్ర భవనానికే పై నాలుగు రకాలు 13 కలయికలవుతాయి. గాలికి మరో 12. వీటిని సాఫ్ట్‌వేర్ క్షణాల్లో చేసిపెడుతుంది, కానీ 0.9 వరస ఇవ్వడం మరిస్తే అది అడగదు. పరీక్ష సులువే: పునాది దగ్గరి రియాక్షన్ల పట్టికలో మూల పిల్లర్ల వరసలు చూసి, భూకంపం గుర్తు అటూ ఇటూ మారిన అన్ని కలయికలూ ఉన్నాయో లేదో సరిచూడాలి.

పునాది దగ్గర ఇంకో తికమక ఉంది. నేల మోయగల బరువును భద్రత కలిపే ఇస్తారు కాబట్టి ఫుటింగ్ పొడవు వెడల్పులకు గుణకాలు లేని భారాలు వాడాలి. అదే ఫుటింగ్‌లోని కాంక్రీటు మందానికి, ఇనుముకు పెంచిన భారాలు వాడాలి. ఇవి తారుమారైతే మొదటిచోట డబ్బు వృథా, రెండోచోట పునాది బలహీనం.

మన పిల్లర్ కింద 2.2 మీటర్ల చదరపు ఫుటింగ్ అర మీటరు మందాన ఉంటే దాని బరువే 6 టన్నులు. దానిమీద మీటరు లోతు మట్టి మరో 8 టన్నుల పైచిలుకు. కాబట్టి పునాది లేవదు. లేచిపోయే భయం పిల్లర్‌కూ ఫుటింగ్‌కూ మధ్య అతుకు దగ్గరే. ఊచలు ఫుటింగ్‌లో చాలినంత పొడవు పాతుకుని ఉండాలి. పిల్లర్ ఊచల లాపింగ్‌ను అంతస్తు ఎత్తులో మధ్య సగంలోనే ఇవ్వాలని, లాగుడుకు తట్టుకునేంత పొడవు ఉంచాలని ఐఎస్ 13920 చెబుతుంది. సైట్లో మాత్రం స్లాబు పైనే ఊచలు అతికేయడం సర్వసాధారణం, పనివాళ్లకు అక్కడ సులువు కాబట్టి. వంపు ఎక్కువగా ఉండేది కూడా అక్కడే. ఫ్లాటు కొనేవారు పిల్లర్లు లేస్తున్న దశలో సైటుకు వెళితే ఈ అతుకులు ఎక్కడ పడ్డాయో కళ్లారా చూడొచ్చు. కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనిపించదు.