కాల్చిన మాంసాన్ని వెంటనే కోయకూడదెందుకు?

ఓవెన్‌లో కాల్చిన 2 కిలోల గొర్రె తొడను దించగానే కోస్తే పలక మీద ఎర్రటి రసం మడుగు కడుతుంది. అది రక్తం కాదు, కండలోని నీరు. దానికి ఆ రంగు మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది.

వేడికి కండ పోగులు ముడుచుకుని, తమలోని నీటిని బయటికి పిండేస్తాయి. పోగుల మధ్య చేరిన ఆ నీరు వేడిగా ఉన్నంతసేపూ పలచగా ఉంటుంది కాబట్టి, కత్తి దిగగానే కారిపోతుంది. కాస్త చల్లారితే, అందులో కరిగి ఉన్న ప్రొటీన్లు, జెలటిన్ దాన్ని చిక్కబరుస్తాయి. అప్పుడు కోసినా చాలావరకు ముక్కలోనే నిలుస్తుంది. పైభాగాన్ని గట్టిగా వేయిస్తే రసం లోపల బందీ అవుతుందన్నది మాత్రం వట్టి అపోహ.

దించాక కూడా పైపొరల వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. నడిభాగం మరో 3 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ పెరగవచ్చు. అందుకే 63 డిగ్రీలు కావాలనుకుంటే 59 దగ్గరే దించి, 15 నుంచి 20 నిమిషాలు ఆగాలి. థర్మామీటర్ అంకె పెరగడం ఆగి, తగ్గడం మొదలైతే కోతకు సిద్ధమైనట్టే. ఫాయిల్‌ను వదులుగానే కప్పాలి, బిగిస్తే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. పలచని ముక్కలకైతే ఇంత నిరీక్షణ అనవసరం, తినేలోపే చల్లారిపోతాయి. ఇక పులుసులో ఉడికిన మాంసం సంగతి వేరు, కారిన రసమంతా గిన్నెలోనే ఉంటుంది.