మార్చి 31 నాటి తేడా: 24,871 రూపాయలు

తాడేపల్లిగూడెంలో ఒక హార్డ్‌వేర్ దుకాణం ఉందనుకుందాం. మార్చి 31న గుమస్తా రాసిన క్యాష్ బుక్ ప్రకారం బ్యాంకులో ఉండాల్సింది 2,46,300 రూపాయలు. బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రం 2,71,171 అంటోంది. పుస్తకంలో కన్నా బ్యాంకులో 24,871 ఎక్కువ. యజమానికి ఇది లాభంలా కనిపించవచ్చు. ఆ ఒక్క అంకె తీసుకెళ్లి చేతిలో పెడితే అకౌంటెంటు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ తేడా ఏయే పద్దుల వల్ల వచ్చిందో, ఒక్కోదానికి ఆధారమేమిటో చూపించే జాబితా ఆయనకు కావాలి. ఇంటర్‌లో సీఈసీ చదివినవాళ్లకు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక గుర్తుండే ఉంటుంది. అక్కడ తేడాలకు కారణాలు ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. దుకాణంలో వాటిని మనమే వెతికి పట్టుకోవాలి.

వెతకడానికి కూర్చునే ముందు మూడు కాగితాలు బల్ల మీద ఉండాలి: మార్చి నెల క్యాష్ బుక్, మార్చి నెల స్టేట్‌మెంట్, ఫిబ్రవరి చివర్లో కలవకుండా మిగిలిన పద్దుల జాబితా. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. డిసెంబరులో ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు వెళ్లకపోతే మార్చి పేజీల్లో ఎంత వెతికినా అది కనిపించదు. పాత జాబితాలోనే ఉంటుంది.

కొత్తవాళ్లను మొదట తికమక పెట్టేది డెబిట్, క్రెడిట్ల సంగతి. మన పుస్తకంలో బ్యాంకులోకి వచ్చిన డబ్బు డెబిట్. అదే డబ్బు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్. బ్యాంకు తన వైపు నుంచి రాసుకుంటుంది కాబట్టి మన డిపాజిట్ దాని దృష్టిలో మనకు చెల్లించాల్సిన బాకీ. అందుకే పుస్తకంలోని డెబిట్లను స్టేట్‌మెంట్‌లోని క్రెడిట్లతోనూ, పుస్తకంలోని క్రెడిట్లను అక్కడి డెబిట్లతోనూ పోల్చాలి. ఈ రెండు పోలికలూ విడివిడిగా చేయాలి.

ఇక జత కలపడం. మొత్తం ఒకటే కదా అని టిక్కు పెట్టేయడం దగ్గరే ఎక్కువ పొరపాట్లు పుడతాయి. ఒకే వారంలో ఇద్దరు మేస్త్రీలు చెరో 5,000 పంపితే స్టేట్‌మెంట్‌లో రెండు 5,000లు ఉంటాయి. పుస్తకంలో ఒకటే రాసి ఉంటే, ఆ ఒక్కదానికే రెండుసార్లు టిక్కు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే చెక్కయితే చెక్కు నంబరు, నెఫ్ట్ అయితే యూటీఆర్ నంబరు, యూపీఐ అయితే పన్నెండంకెల రిఫరెన్స్ నంబరు ముందు చూడాలి. మొత్తం ఆ తర్వాత, తేదీ అన్నిటికన్నా చివర. మనం చెక్కు రాసిన రోజూ అది బ్యాంకులో చెల్లిన రోజూ ఒకటి కావడం అరుదు.

పుస్తకంలో ఆ నంబర్లు రాసుకోని దుకాణాలే ఎక్కువ. అప్పుడు మొత్తాలనే నమ్ముకోవాలి కానీ, ఎక్సెల్‌లో ఒక జాగ్రత్త తీసుకోవచ్చు. A నిలువు వరసలో మొత్తాలుంటే, B2లో ఈ సూత్రం రాసి కిందికి లాగాలి:

```
=A2&"|"&COUNTIF(A$2:A2,A2)
```

మొదటి 5,000 పక్కన 5000|1 అని, రెండోదాని పక్కన 5000|2 అని పడుతుంది. స్టేట్‌మెంట్ షీటులోనూ ఇలాగే చేసి దానికి Bank అని పేరు పెట్టుకుంటే, పుస్తకం షీటులో C2లో రాయాల్సింది ఇది:

```
=COUNTIF(Bank!B:B,B2)
```

సున్నా వచ్చిన పద్దుకు బ్యాంకులో జత దొరకలేదని అర్థం. అటు నుంచి ఇటు కూడా ఇలాగే చూడాలి. ఎన్ని 5,000లు మిగిలాయో ఇది కచ్చితంగా చెబుతుంది. ఏ మేస్త్రీదో మాత్రం చెప్పలేదు. దానికి స్టేట్‌మెంట్‌లోని వివరాల వరుస చదవాల్సిందే.

మన దుకాణంలో జతలన్నీ టిక్కు పెట్టాక రెండు వైపులా అయిదేసి పద్దులు మిగిలాయి. పుస్తకం వైపు: రంగుల కంపెనీకి మార్చి 28న ఇచ్చిన 38,500 చెక్కు, గోడౌన్ అద్దె కింద డిసెంబరు 18 తేదీతో ఇచ్చిన 6,200 చెక్కు, మార్చి 31 సాయంత్రం డ్రాప్ బాక్సులో వేసిన ఖాతాదారు చెక్కు 22,000, స్వైప్ మెషీన్ మీద అమ్మకం 20,000, పైపుల డీలరుకు 4,680 చెక్కు. బ్యాంకు వైపు: నెఫ్ట్ ద్వారా వచ్చిన 15,000, ఇంకో జమ 19,646, చెక్కు చెల్లింపు 4,860, చెక్కు రిటర్న్ 12,000, దాని రుసుము 295.

వీటిని రెండు రకాలుగా విడదీయడమే అసలు పని. కొన్ని కాలమే సర్దేవి. పుస్తకంలో ఏమీ మార్చక్కర్లేదు, బ్యాంకుకు చేరడమే ఆలస్యం. మిగిలినవి మన పుస్తకంలో రాయాల్సినవి. రాయనంతకాలం అవి అలాగే ఉంటాయి, నెలనెలా జాబితాలోకి వస్తూనే ఉంటాయి.

రంగుల కంపెనీ చెక్కు మొదటి రకం. మూడు రోజుల కిందట ఇచ్చారు, వాళ్లింకా బ్యాంకులో వేసుకోలేదు. 22,000 చెక్కు కూడా అంతే. అద్దె చెక్కు చూడటానికి వాటిలాగే ఉంది కానీ రకం వేరు. 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలు దాటితే బ్యాంకు దాన్ని చెల్లించదు. డిసెంబరు 18 నాటి చెక్కు మార్చి 31కి చెల్లని కాగితం. ఇంకా రాలేదులే అని జాబితాలో ఉంచితే ఎప్పటికీ రాదు. 6,200ను తిరిగి బ్యాంకు నిల్వకు కలుపుకుని, గోడౌన్ యజమానికి అంత బాకీ ఉన్నట్టు రాయాలి. దీన్ని ఇతర ఆదాయంలో వేసేవాళ్లున్నారు. అది తప్పు. చెక్కుకు కాలం చెల్లింది కానీ అద్దె బాకీ తీరలేదు.

20,000, 19,646 నిజానికి ఒకే అమ్మకం. స్వైప్ మెషీన్ ఇచ్చిన బ్యాంకు ఒకటిన్నర శాతం, అంటే 300 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 54 మినహాయించుకుని మిగతాది జమ చేసింది. గుమస్తా 20,000 అమ్మకం రాయడం సరైనదే. రాయనిది 354 ఖర్చు. ఇక్కడ అమ్మకాన్నే 19,646కు దిద్దేస్తే పద్దు కలిసిపోతుంది, కానీ జీఎస్టీ రిటర్నులో అమ్మకం తక్కువ పడుతుంది. కొన్ని బ్యాంకులు రోజూ పూర్తి మొత్తం వేసి రుసుమును నెలాఖరున ఒకేసారి కోసుకుంటాయి. మీ బ్యాంకుది ఏ పద్ధతో ఒకసారి తెలుసుకుని ఉంటే ప్రతి నెలా ఈ వెతుకులాట తప్పుతుంది.

4,680, 4,860 రెండింటి చెక్కు నంబరు ఒకటే. గుమస్తా రాసేటప్పుడు ఆరు, ఎనిమిది తారుమారయ్యాయి. తేడా 180. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. ఏ రెండంకెలు తీసుకుని చూసినా ఇది నిలుస్తుంది. అన్నీ సర్దాక చిన్న తేడా ఒకటి మిగిలి, అది తొమ్మిదితో తెగితే ఇలాంటి తప్పు కోసం వెతకండి. మొదట్లో ఉన్న 24,871 లాంటి పెద్ద తేడా మీద ఈ పరీక్ష పనిచేయదు. అందులో అన్ని రకాలూ కలగలిసి ఉంటాయి.

15,000 నెఫ్ట్ ఎవరిదో తెలుసుకోవడానికి స్టేట్‌మెంట్‌లో పంపినవారి పేరు చాలావరకు ఉంటుంది. ఆ పేరు మన ఖాతాదారు పేరుతో కలవకపోవచ్చు. కాంట్రాక్టర్లు కొడుకు ఖాతా నుంచో భార్య ఖాతా నుంచో పంపడం మామూలే. అడిగి నిర్ధారించుకోవాలి, ఊహించి ఎవరో ఒకరి పద్దుకు జమ వేయకూడదు. నిర్ధారణ అయ్యేదాకా సస్పెన్స్ ఖాతాలో ఉంచి జాబితాలో ఆ మాట రాస్తే ఇబ్బంది లేదు. తేడా మొత్తాన్నీ ఒకే అంకెగా సస్పెన్స్‌లోకి తోసేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఆ తర్వాత దానిలో ఏముందో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది 12,000 రిటర్న్. ఖాతాదారు చెక్కు వేసినప్పుడు బ్యాంకు జమ చూపించింది, పుస్తకంలోనూ జమ ఉంది, రెండింటికీ టిక్కు పడింది. తర్వాత చెక్కు బౌన్స్ అయి వెనక్కి వచ్చిన సంగతి గుమస్తాకు తెలియలేదు. ఆ 12,000ను మళ్లీ ఖాతాదారు బాకీగా రాయాలి. 295 ఆయన దగ్గర వసూలు చేయాలా, దుకాణం భరించాలా అన్నది యజమాని ఇష్టం. కానీ తేదీ విషయంలో ఆయన ఇష్టానికి చోటు లేదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు వేయాలంటే, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఏడాది చివర ఒక్కసారే లెక్క చూసుకునే దుకాణంలో జూన్‌లో బౌన్స్ అయిన చెక్కు మార్చిలో బయటపడుతుంది. నెలనెలా కూర్చోవడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనిపించదు.

ఇప్పుడు రెండు వైపులా సరిచూద్దాం. పుస్తకం నిల్వ 2,46,300కు చెల్లని అద్దె చెక్కు 6,200, నెఫ్ట్ 15,000 కలిపితే 2,67,500. అందులోంచి స్వైప్ రుసుము 354, అంకెల తప్పు 180, రిటర్న్ చెక్కు 12,000, దాని రుసుము 295 తీసేస్తే 2,54,671. ఇటు బ్యాంకు నిల్వ 2,71,171కి దారిలో ఉన్న 22,000 కలిపి, ఇంకా చెల్లని 38,500 తీసేసినా 2,54,671. బ్యాలెన్స్ షీటులోకి వెళ్లాల్సిన అంకె ఇదే. మొదట చూసిన రెండూ కావు.

అకౌంటెంటుకు పంపే జాబితాలో ప్రతి పద్దుకూ తేదీ, నంబరు, ఎవరికి లేదా ఎవరి నుంచి, మొత్తం, ఎందుకు కలవలేదు, జత చేసిన కాగితం ఏమిటి అన్నవి ఉండాలి. ఎన్ని రోజులుగా మిగిలి ఉందో కూడా రాస్తే ఆయన కళ్లు ముందు అక్కడికే వెళతాయి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగ్ రోజంతా సాగుతోంది, పొద్దున వేసిన చెక్కు మామూలుగా అదే రోజు తేలిపోతుంది. వేసిన చెక్కు వారం పైబడి దారిలోనే ఉందంటే అది పోయిందా, తిరిగొచ్చిందా, అసలు వేశారా అని అడగాలి. నగదు విషయం ఇంకా స్పష్టం. కౌంటరులో కట్టిన నగదు ఆ రోజే ఖాతాలో కనిపిస్తుంది. దానికి క్లియరింగ్ లేదు. జాబితాలో నగదు డిపాజిట్ ఒకటి మిగిలి ఉంటే, బ్యాంకు ముద్ర ఉన్న కౌంటర్ ఫాయిల్ చూసేదాకా ఆ పద్దును వదలకూడదు. గల్లాపెట్టె డబ్బు ఎవరి జేబులోకైనా వెళ్లిందంటే ఆ సంగతి మొదట బయటపడే చోటు ఇదే. ఆ కారణంగానే నగదు చేతిలో ఉండే మనిషి, జతలు కలిపే మనిషి ఒకరే కాకుండా చూసుకోవాలి. ఇద్దరు గుమస్తాలు లేని చిన్న దుకాణంలో ఈ పని యజమానే చేయాలి.

అకౌంటెంటు ఇంకొకటి కూడా అడుగుతారు: ఏప్రిల్ మొదటి రెండు వారాల స్టేట్‌మెంట్. ఏప్రిల్ 1న బ్యాంకులు ఖాతాదారులకు తెరవవు కాబట్టి 22,000 చెక్కు 2వ తేదీకో 3వ తేదీకో అందులో జమగా కనిపించాలి. రంగుల కంపెనీ చెక్కు 38,500 కూడా ఆ కొద్దిరోజుల్లోనే చెల్లి ఉండాలి. రెండూ కనిపిస్తే వాటి పక్కన ఆ తేదీలు వేసి కొట్టేస్తారు. 22,000 కనిపించకపోతే మార్చి 31 నాటి డిపాజిట్ స్లిప్పు అడుగుతారు.