రాగి కడ్డీ లెక్కలో నిమిషం ఎందుకు ఎక్కువ?

మీటరు పొడవున్న రాగి కడ్డీ. రెండు కొసలూ సున్నా డిగ్రీల మంచులో ఉన్నాయి. నడిమధ్య బిందువు మాత్రం 100 డిగ్రీల వేడిలో ఉంది. ఈ వేడి ఎలా పాకుతుందో లెక్కించడానికి కడ్డీ మీద ప్రతి 10 సెంటీమీటర్లకూ ఒక గుర్తు పెడితే, కొసలు పోను 9 బిందువులు వస్తాయి. ప్రతి బిందువుకూ కొత్త ఉష్ణోగ్రత ఇలా వస్తుంది:

```
u_new = u + r*(left - 2*u + right)
r = alpha*dt/dx^2
```

రాగికి `alpha` సెకనుకు సుమారు 0.00011 చదరపు మీటర్లు. ఒక్కో అడుగుకు ఒక నిమిషం (`dt` = 60 సెకన్లు) తీసుకుంటే `r` విలువ 0.66. మొదటి అడుగులోనే నడిమి బిందువు −32 డిగ్రీలకు పడిపోతుంది. మూడో అడుగుకు దాని పక్క బిందువులు 106 డిగ్రీలు దాటుతాయి. మనం పెట్టిన వేడే 100 అయితే, ఈ అదనం ఎక్కడిది?

రాగి తప్పేమీ లేదు, సూత్రంలోనూ తప్పు లేదు. జవాబు ఆ 9 బిందువుల తేడాల మాత్రికలో ఉంది. కడ్డీ మీది ఏ ఉష్ణోగ్రత పంపిణీనైనా 9 మూల ఆకృతుల కలయికగా రాయవచ్చు. ఒక్కో ఆకృతికి ఒక ఐగెన్ విలువ ఉంటుంది: `-4*sin^2(k*pi/20)`, `k` 1 నుంచి 9 వరకు. దాన్ని `r`తో గుణించి 1కి కలిపితే, ఆ ఆకృతి ప్రతి అడుగులో ఎన్ని రెట్లవుతుందో తెలుస్తుంది.

నెమ్మదిగా వంగే మొదటి ఆకృతికి ఇది 0.935. అంటే నిజమైన కడ్డీలో లాగే క్రమంగా తగ్గుతుంది, నిమిషం అడుగు దానికి సరిపోతుంది. చిక్కంతా చివరిదానితోనే. ఒక బిందువు పైకీ పక్కది కిందికీ ఉండే ఆ రంపపు పళ్ల ఆకృతి ఐగెన్ విలువ −3.902. నిమిషం అడుగుతో అది −1.575 రెట్లవుతుంది. ప్రతిసారీ గుర్తు మారుతూ, 20 అడుగుల్లో 8 వేల రెట్లు దాటి పెరుగుతుంది. నిజానికి ఆ పళ్లు కడ్డీలో అన్నిటికన్నా త్వరగా చల్లారిపోవాలి. మనకు అక్కరలేని ఆ ఆకృతే మొత్తం లెక్కకు హద్దు గీస్తోందన్నది నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం.

గుణకం −1 కన్నా కిందికి పోకూడదు. బిందువులు ఎన్ని పెంచినా ఐగెన్ విలువ −4 దాటదు కాబట్టి `r` సగం మించకపోతే చాలు. మన కడ్డీకి అది సుమారు 45 సెకన్లు. బిందువుల మధ్య దూరాన్ని 5 సెంటీమీటర్లు చేస్తే 11 సెకన్లకు పడిపోతుంది. 1 సెంటీమీటరు చేస్తే అర సెకను కూడా మిగలదు. దూరం సగమైన ప్రతిసారీ పని ఎనిమిది రెట్లవుతుంది: బిందువులు రెట్టింపు, అడుగులు నాలుగింతలు.

ఈ హద్దు వద్దనుకునేవారికి జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ 1947లో ఇచ్చిన పద్ధతి ఉంది. అందులో ప్రతి అడుగుకూ ఒక సమీకరణాల వ్యవస్థ సాధించాలి గానీ, అడుగు ఎంత పెద్దదైనా లెక్క పేలిపోదు. మామూలు పద్ధతే వాడుతుంటే మాత్రం, పక్కపక్క బిందువుల్లో విలువలు పైకీ కిందికీ ఊగుతూ పెరగడం కనిపించగానే ప్రోగ్రాంలో తప్పులు వెతికే ముందు `r` ఎంతో చూసుకోండి.