కత్తుల నైట్ ఏం చేస్తున్నాడు?

టారో పేకలో 78 కార్డులుంటాయి. వాటిలో 16 కోర్టు కార్డులు (దర్బారు మనుషుల బొమ్మలు). కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు అనే నాలుగు గుర్తుల్లోనూ పేజ్ (కుర్ర సేవకుడు), నైట్ (గుర్రపు యోధుడు), రాణి, రాజు ఉంటారు. భాగస్వామితో పొసగనివాళ్లు కార్డులు పరిచినప్పుడు ఎక్కువగా చిక్కుపడేది వీటి దగ్గరే. బొమ్మలో మనిషి కనపడగానే ‘ఈయనే మా ఆయన’ అనిపిస్తుంది.

ఒకప్పుడు జుట్టు రంగు, కళ్ల రంగు చూసి ఏ కార్డు ఎవరిదో తేల్చేవారు. తర్వాత ఆ స్థానంలోకి స్వభావం వచ్చింది. కప్పుల రాజు మెత్తనివాడు, కత్తుల రాణి కఠినురాలు అన్నారు. ఇబ్బంది ఏమిటంటే, స్వభావం తేలిపోయాక చూడాల్సింది ఏమీ మిగలదు. మెత్తనివాడని తేలితే ఎప్పటికైనా మారతాడని ఎదురుచూస్తారు. మొండివాడని తేలితే మాట్లాడడమే మానేస్తారు.

అందుకే బొమ్మలోని మనిషిని వదిలి, అతను చేస్తున్న పనిని చదవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఇంట్లో ఖర్చుల మాట ఎత్తితే చాలు, గొడవ. భార్య మూడు కార్డులు పరిచింది: నేను చేసేది, ఆయన చేసేది, నేను మార్చగలిగేది. మొదటిది కర్రల పది. పమేలా కోల్మన్ స్మిత్ గీసిన 1909 నాటి పేకలో, మోపు బరువుకి ముందుకు వంగి నడిచే మనిషి బొమ్మ అది. అంటే ఆమె నెలల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారే ముందు పెడుతోంది. రెండోది కత్తుల నైట్. కత్తి ఎత్తి గుర్రాన్ని దౌడు తీయిస్తున్నాడు. మాట పూర్తికాకముందే ఆయన మీదపడుతున్నాడన్నమాట. మూడోది కత్తుల నాలుగు. సమాధిపై చేతులు జోడించి పడుకున్న యోధుడు. అది విరామం. ఈసారి ఒక్క బిల్లు గురించే మాట్లాడాలి. ఆయన అడ్డుపడితే అక్కడికి ఆపి, మళ్లీ ఎప్పుడు కూర్చోవాలో చెప్పాలి.

ఇది సరిపోయిందా లేదా అన్నది కిందటి గొడవను గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. ఆయన నిజంగా మాటకు అడ్డుపడ్డాడా? ఫోన్ చూస్తూ పలక్కుండా కూర్చుంటే ఈ నైట్ సరిపోడు. కదలని గుర్రం మీద కూర్చునే నాణేల నైట్ దానికి దగ్గర. కళ్లతో చూసినదానికి, కార్డుకి పొంతన కుదరకపోతే కార్డునే పక్కన పెట్టాలి. అదే మనిషికి పిల్లల సంగతి అడిగితే కప్పుల పేజ్ రావచ్చు, అదీ సరిపోవచ్చు. ఆయన ఎందుకలా చేస్తున్నాడో మాత్రం ఏ కార్డూ చెప్పదు. అది ఆయన్నే అడగాలి.

చెయ్యి చేసుకునేవాడి గురించి ఈ మూడు కార్డులు పరచకూడదు. మూడో చోటు ‘నేను ఏం మార్చగలను’ అని అడుగుతుంది. దెబ్బలు తినేవాళ్లను అడగాల్సిన ప్రశ్న అది కాదు. అక్కడ కావాల్సింది 181 మహిళా హెల్ప్‌లైన్, నమ్మకమైన మనిషి, తలదాచుకునే చోటు.