ఏ కోడిపెట్ట?

పెళ్లి ఊరేగింపులో విన్న పాట కావాలని ఒకరు అడిగారనుకుందాం. ఆనవాళ్లు గట్టిగానే చెప్పారు: ‘బంగారు కోడిపెట్ట’, సంగీతం కీరవాణి, రాసింది భువనచంద్ర, తెర మీద చిరంజీవి. ఇన్ని చెప్పాక తేలకుండా ఎలా ఉంటుంది అనిపిస్తుంది. తేలదు. ఆ పాట 1992లో ‘ఘరానా మొగుడు’లో వచ్చింది. 2009లో ‘మగధీర’ కోసం కీరవాణే దాన్ని మళ్లీ చేశారు. ఆడింది రామ్‌చరణే అయినా, చిరంజీవి కూడా అందులో కాసేపు కనిపిస్తారు. చెప్పిన నాలుగు ఆనవాళ్లూ రెండింటికీ సరిపోతాయి.

బాణీ, మాటలు, వాటిని కట్టినవాళ్ల పేర్లు పాట ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వెళతాయి. ఎవరు పాడినా, ఎన్నేళ్ల తర్వాత పాడినా అవే. అవెన్ని పోగేసినా పాట ఏదో తెలుస్తుంది కానీ, ఏ రికార్డింగో తెలియదు. రికార్డింగును పట్టిచ్చేవి గొంతు, చరణాల మధ్య వాయిద్యాలు, తెర మీద పక్కన ఆడినవాళ్లు. డిస్కో శాంతి ఉంటే పాతది, ముమైత్ ఖాన్ ఉంటే కొత్తది. అడిగినవారికి ఈ ఒక్కటి గుర్తున్నా మిగతా నాలుగింటితో పనిలేదు.

ఏడాదిని నమ్ముకోవడం మాత్రం ప్రమాదం. పాత పాటలన్నీ కలిపి ఎప్పుడో ఒక ఆల్బమ్ వేస్తారు; ఫోన్‌లోని యాప్ ఆ ఆల్బమ్ ఏడాదినే చూపించవచ్చు. అంతకంటే మనిషి జ్ఞాపకమే నయం, అదీ ఒకవైపుకే. బళ్లో చదివే రోజుల్లో, తొంభైల్లో, క్యాసెట్‌లో విన్నానంటే అది కచ్చితంగా పాతదే. 2012లో విన్నానంటే ఏదైనా కావచ్చు, పాత పాట ఎక్కడికీ పోలేదు కదా.

సినిమా రీమేక్‌ని పట్టుకుని పాట మూలం వెతికేవాళ్లు కూడా ఉన్నారు. ‘ఘరానా మొగుడు’ కథ కన్నడ ‘అనురాగ అరళితు’ నుంచి వచ్చింది. అయితే ఆ సినిమాకు సంగీతం ఉపేంద్ర కుమార్‌ది. కథ అక్కడిదైనా కోడిపెట్ట ఇక్కడిదే.

ఇక మన ఊరేగింపు పాట. గొంతు ఎవరిదంటే బాలుదే, పక్కన చిత్ర అన్నారు. పాతదే అని తేల్చేయబోతాం. ఇంకో మాట అడిగి చూడాలి: పల్లవికీ చరణానికీ మధ్య ఏం వినిపించింది? సినిమాలోని వాద్యాలు లేవు, ఒకటే డప్పుల మోత, పల్లవి మొదటి ముక్క మళ్లీ మళ్లీ తిప్పారు, గొంతు కూడా కాస్త సన్నగా పరుగెత్తింది. అది రెండు సినిమాల్లోదీ కాదు. పాత రికార్డింగు వేగం పెంచి, కింద కొత్త దరువు పరిచిన డీజే మిక్స్. ఇలాంటివి ఊరికొకటి ఉంటాయి. ఆ డీజేని అడిగితే దొరకొచ్చు.